నవంబర్ 3 నుంచి స్లాట్ల పని శ్రావణికి అప్పగింత

శ్రావణీ,

అమ్మ మోకాలి ఆపరేషన్ నెల్లూరులో ఖాయమైంది. నవంబర్ 3 సోమవారం నుంచి డిసెంబర్ 12 దాకా నేను సెలవు. ఈ ఆరు వారాలు మన డయాలసిస్ సెంటర్లో స్లాట్లు వేసేది నువ్వే. మిషన్ దగ్గరి పని నీకు నేను చెప్పక్కర్లేదు. ఫోన్ దగ్గర కూర్చున్నప్పుడు వచ్చే సంగతులే రాస్తున్నాను.

చార్ట్ నీకు తెలిసిందే. మామూలు మిషన్లు ఏడు. ఆరింటికి, పదకొండింటికి, నాలుగింటికి మూడు షిఫ్ట్‌లు. మనిషికి నాలుగు గంటలు, ఆ తర్వాతి గంట మిషన్ శుభ్రానికి, మళ్ళీ సెట్ చేయడానికి. ఆ గంటలోంచి పది నిమిషాలు కూడా ఎవరికీ ఇవ్వకు. "కొంచెం ముందు ఎక్కించండమ్మా" అని రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. ఎనిమిదో మిషన్ హెపటైటిస్ బి ఉన్నవాళ్ళది. అది ఖాళీగా కనిపించినా, పక్కన ఎంత రద్దీ ఉన్నా, ఇంకొకరికి వేయొద్దు. వాళ్ళనూ ఇటు తేవద్దు.

అన్నిటికంటే ముఖ్యం, ఎవరి స్లాట్ మార్చినా ముందు చూడాల్సింది ఏ గంట ఖాళీ ఉందని కాదు, ఆ మనిషికి కిందటిసారి డయాలసిస్ ఎప్పుడైందని. సోమ, బుధ, శుక్రవారాల వాళ్ళకి శని, ఆదివారాలు ఎలాగూ ఖాళీ. ఆ ఖాళీలోనే ఒంట్లో నీరు, పొటాషియం పెరిగి ప్రాణం మీదికి వస్తుంది. వాళ్ళని సోమవారం నుంచి మంగళవారానికి మారిస్తే మధ్యలో మూడు రోజులు పోతాయి. కాగితం మీద అది ఒక్క గడి జరపడమే, మనిషికి మాత్రం అది ఆయాసం, ఐసీయూ. మంగళ, గురు, శనివారాల వాళ్ళకి మంగళవారం కూడా ఇంతే.

ఇది ఇప్పుడే ఎందుకు చెబుతున్నానంటే, కార్తీకం నడుస్తోంది. 3, 10, 17 తేదీలు సోమవారాలే. తండయార్‌పేటలో మన తెలుగువాళ్ళు ఇంతమంది ఉన్నారు, "ఈ సోమవారం ఉపవాసమమ్మా, రేపొస్తాను" అని ఫోన్లు వస్తూనే ఉంటాయి. సరేనని పెట్టేయకు, గట్టిగా కాదని కూడా అనకు. "ఆరింటి షిఫ్ట్‌కి రండి పెద్దమ్మా, మధ్యాహ్నానికి ఇంట్లో ఉంటారు, సాయంత్రం దీపం మీ చేత్తోనే పెట్టుకుంటారు" అని చెప్పు. సుబ్బమ్మ గారికి 3వ తేదీకి అలాగే వేశాను, ఆవిడ సంతోషంగా ఒప్పుకున్నారు. ఉపవాసం ఉండొచ్చా లేదా అనేది మాత్రం మనం చెప్పే మాట కాదు, షుగర్ ఉన్నవాళ్ళయితే అసలే కాదు. ఫోన్ డాక్టర్ గారికి ఇవ్వు.

అదే రోజులో ఒక షిఫ్ట్ నుంచి ఇంకో షిఫ్ట్‌కి మార్చడం పూర్తిగా నీ ఇష్టం, ఎవరినీ అడగక్కర్లేదు. రోజు మార్చాలన్నా, గంటలు తగ్గించాలన్నా డాక్టర్ గారు ఒప్పుకోవాల్సిందే. ఫోన్లో "చేతిలో ఫిస్టులా కొట్టుకోవడం ఆగిపోయింది" అంటే అది స్లాట్ విషయమే కాదు. వచ్చే డయాలసిస్ దాకా ఆగమనకుండా వెంటనే డాక్టర్ గారికి చెప్పు.

చార్ట్‌లో పెన్సిల్‌తో చిన్న సున్నా చుట్టిన పేర్లు సూళ్లూరుపేట లోకల్లో వచ్చేవాళ్ళవి. తడ, గుమ్మిడిపూండి వాళ్ళూ అందులోనే ఉన్నారు. వాళ్ళకి ఆరింటి షిఫ్ట్, నాలుగింటి షిఫ్ట్ రెండూ వేయొద్దు. రాత్రి ఎనిమిదింటికి సూది తీసి, కట్టు కట్టి, అరగంట కూర్చోబెట్టి పంపితే ఇంటికెప్పుడు చేరతారు? పదకొండు గంటల షిఫ్ట్ వాళ్ళ కోసమే ఉంచుతున్నాను.

ఇక వాన. నవంబర్, డిసెంబర్ అంటే చెన్నైలో సంగతి తెలిసిందే. 2023 డిసెంబర్లో మిచాంగ్ తుఫానుకి ఈ ఉత్తర చెన్నై అంతా నీళ్ళలోనే ఉంది, లోకల్ రైళ్ళూ ఆగాయి. తుఫాను హెచ్చరిక వచ్చిందంటే వాయిదాలు వేయకు, ముందుకు జరుపు. రేపటివాళ్ళలో ఎంతమందికి వీలైతే అంతమందికి ఈరోజే చేసేలా డాక్టర్ గారితో మాట్లాడు. అవసరమైతే రాత్రి నాలుగో షిఫ్ట్ నడుపుదామని టెక్నీషియన్లు ఇద్దరూ ముందే ఒప్పుకున్నారు. దూరం నుంచి వచ్చేవాళ్ళకి మొదట ఫోన్ చెయ్యి.

సెంటర్ ఫోన్ నీ దగ్గరే ఉంటుంది కాబట్టి నంబర్ ఎవరికీ మారదు. చార్ట్ షీట్ మార్చే అనుమతి నీ పేరు మీద ఇచ్చేశాను. గోడమీది చార్ట్‌ని రోజూ సాయంత్రం షీట్‌తో సరిచూడు, టెక్నీషియన్లు చూసేది గోడనే. నాకు సాయంత్రం ఏడు నుంచి ఎనిమిది మధ్య ఎప్పుడైనా ఫోన్ చెయ్యి, మొహమాటపడకు. 6వ తేదీ ఆపరేషన్, ఆ రోజు మాత్రం దొరకను.

బయటివాళ్ళకి పంపిన పరిచయం కింద పెట్టాను. డాక్టర్ గారితో నేనే మాట్లాడాను. రోగుల జబ్బు వివరాలు వ్యాన్ వాళ్ళకి గానీ ఇంకెవరికి గానీ చెప్పకు. వాళ్ళకి పేరు, ఎక్కే చోటు, టైమ్ చాలు.

విజయక్క

—

వ్యాన్ కోటేశ్వరరావు గారికి, గుమ్మిడిపూండి సెంటర్ పద్మ గారికి, ఆర్వో ప్లాంట్ సర్వీస్ రమేష్ గారికి

నమస్కారం.

నవంబర్ 3 నుంచి డిసెంబర్ 12 దాకా నేను సెలవులో ఉంటాను. ఆ రోజుల్లో స్లాట్ల విషయం అంతా మా శ్రావణి చూస్తుంది. నాలుగేళ్ళుగా మా దగ్గరే డయాలసిస్ టెక్నీషియన్. మన పేషెంట్లందరూ ఆమెకు పేరుపేరునా తెలుసు, తెలుగు, తమిళం రెండూ చక్కగా మాట్లాడుతుంది. మీరు చేసే ఫోన్ నంబర్ అదే, ఎత్తేది శ్రావణి. ఆమె చెప్పింది నేను చెప్పినట్టే అనుకోండి, మళ్ళీ నన్ను అడగాల్సిన పని లేదు.

కోటేశ్వరరావు గారూ, మరుసటి రోజు ఎక్కేవాళ్ళ పేర్లు ఎప్పటిలాగే రాత్రి ఎనిమిదిన్నరకి మీకు వస్తాయి. రోడ్డు మీద నీళ్ళు నిలిచి వ్యాన్ రాలేకపోతే తెల్లవారుజామున నాలుగున్నరకైనా సరే, శ్రావణికి ఫోన్ చేయండి. ముందే తెలిస్తే ఆమె ఇంకో షిఫ్ట్‌లో సర్దుతుంది. తిరిగి వెళ్ళేటప్పుడు ఎవరికైనా కళ్ళు తిరిగినా, కట్టు దగ్గర రక్తం కనిపించినా దింపేయకుండా నేరుగా సెంటర్‌కే తీసుకురండి.

పద్మ గారూ, రైళ్ళు ఆగిన రోజున మీ వైపు వాళ్ళకి మీ దగ్గర మిషన్ ఇస్తామని మీరన్న మాట శ్రావణికి చెప్పాను. పంపేముందు డ్రై వెయిట్, మందులు, తాజా హెపటైటిస్ రిపోర్ట్‌తో కాగితం ఆమే మీకు పంపుతుంది. మీ దగ్గర ఎన్ని స్లాట్లు ఖాళీ ఉన్నాయో శుక్రవారాల్లో ఆమెకు ఒక్క మాట చెబితే చాలు.

రమేష్ గారూ, ప్లాంట్ సర్వీస్ ఆదివారమే పెట్టండి, ఆ రోజు మాకు పేషెంట్లు ఉండరు. ఒక్క డయాలసిస్‌కే సుమారు 120 లీటర్ల ద్రవం పోతుంది. వారం మధ్యలో గంట ఆగినా షిఫ్ట్ మొత్తం కదిలిపోతుంది. తప్పనిసరిగా ఆపాల్సి వస్తే శ్రావణిని అడిగి, ఆమె సరేనన్నాకే ఆపండి.

అక్టోబర్ 31 శుక్రవారం శ్రావణి మీ ముగ్గురికీ ఫోన్ చేస్తుంది. పక్కనే నేనూ ఉంటాను. అడగాల్సినవి ఏమున్నా అప్పుడే అడిగేయండి.

ఇట్లు,
విజయలక్ష్మి
స్లాట్ల కోఆర్డినేటర్, తండయార్‌పేట సెంటర్