మిలేతులో ఉండిపోయిన త్రోఫిము

అందరికీ వందనాలు. వెనక బెంచీలో మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, పాటకి లేవలేదని ఎవరూ మొహమాటపడక్కర్లేదు, హాయిగా కూర్చోండి.

ఈరోజు పర్లాకిమిడి వాళ్లతో పాటు గుణుపురం రైలు దిగి వచ్చినవాళ్లున్నారు, ఏరు దాటి పాతపట్నం నుంచి వచ్చినవాళ్లున్నారు, కొండ మీద ఊళ్లనుంచి తెల్లారకముందే బయల్దేరిన మన సవర సహోదరులున్నారు. మీలో చాలామందికి స్వస్థత కూడిక కొత్త కాదు. నూనె రాయించుకున్నారు, ఉపవాసాలున్నారు, పెద్ద పెద్ద దైవజనుల చేత చేతులు వేయించుకున్నారు. జబ్బు మాత్రం పోలేదు. బాగుపడినవాళ్లు ముందుకొచ్చి సాక్ష్యం చెబుతుంటే మీరూ చప్పట్లు కొట్టారు, ఇంటికెళ్లి రాత్రి మాత్రలు వేసుకున్నారు. ఈ వాక్యం మీ కోసం.

తిమోతికి రాసిన రెండో పత్రిక, నాలుగో అధ్యాయం, 20వ వచనం తియ్యండి. "త్రోఫిము రోగియైనందున అతని మిలేతులో విడిచి వచ్చితిని." అంతే. పేర్లూ ఊళ్లూ ఉన్న చోటు కదా అని మనం గబగబా చదివేసి దాటిపోతాం. ఈరోజు అక్కడే ఆగుదాం.

ఈ త్రోఫిము ఎవరు? అపొస్తలుల కార్యములు 21వ అధ్యాయం ఇతన్ని ఎఫెసువాడని చెబుతుంది. ఇప్పుడు రెండు అధ్యాయాలు వెనక్కి, 19కి వెళ్లండి. ఎఫెసులో పౌలు ఒంటికి తగిలిన చేతిగుడ్డలు తీసుకెళ్లి రోగుల మీద వేస్తేనే రోగాలు పోయాయి. పౌలు స్వయంగా వెళ్లక్కర్లేకపోయింది, గుడ్డ వెళ్తే చాలింది. అలాంటి సంగతులు జరిగిన ఊరివాడు త్రోఫిము. పౌలుతో కలిసి యెరూషలేము దాకా వెళ్లాడు. అక్కడ యూదుడు కాని ఇతన్ని పౌలు దేవాలయంలోకి తీసుకొచ్చాడని అనుకుని జనం అల్లరి లేపారు, పౌలుని చంపబోయారు. అంటే ఇతను కొత్త విశ్వాసి కాదు, చల్లారినవాడు అసలే కాదు, సువార్త కోసం ప్రమాదంలోకి వెళ్లినవాడు.

ఆ మనిషికి జబ్బు చేసింది. పక్కనున్నది పౌలు. అయినా బాగుపడలేదు, మిలేతులో ఉండిపోయాడు.

పౌలు దాన్ని ఎలా రాశాడో చూడండి. విశ్వాసం తగ్గిందని రాయలేదు. రహస్య పాపం ఉందనీ రాయలేదు, ఆ ఇంటి మీద శాపం ఉందనీ రాయలేదు. రోగి అన్నాడు, పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు. తిమోతికి కూడా అంతే, కడుపు జబ్బుకి కొంచెం ద్రాక్షారసం పుచ్చుకోమని మొదటి పత్రికలో సలహా చెప్పాడు గానీ మందలించలేదు. ఇక పౌలు సంగతా? తన శరీరంలోని ముల్లు తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నాడు. "నా కృప నీకు చాలును" అన్న జవాబు వచ్చింది, ముల్లు ఉండిపోయింది. చివర్లో చెరసాలలో ఉన్నప్పుడు లూకా మాత్రమే నా దగ్గరున్నాడని రాసుకున్నాడు, ఆ లూకా వైద్యుడు.

ఈ మధ్య ఒక అక్కకి ప్రార్థన చెయ్యడానికి వాళ్లింటికి వెళ్లాం. వారానికి రెండుసార్లు డయాలిసిస్. డయాలిసిస్ సూదుల కోసం ఎడమ చేతిలో రెండు రక్తనాళాలు కలిపి ఫిస్టులా వేశారు. ప్రార్థన మొదలుపెట్టబోతుంటే ఆవిడే నా చెయ్యి పట్టుకుని దాని మీద పెట్టుకున్నారు. చర్మం కింద రక్తం సన్నగా గుయ్యిమంటూ కదులుతోంది, అరచేతికి తెలుస్తోంది. "ఇది ఆగిపోతే వెంటనే ఆస్పత్రికి పరిగెత్తాలయ్యగారూ, రోజూ పొద్దున్నే చెవి దగ్గర పెట్టుకుని చూసుకుంటాను, ఇది ఆగకూడదని ప్రార్థన చెయ్యండి" అన్నారు. కొత్త కిడ్నీ అడగలేదు. నేనూ ఆవిడ అడిగిందే దేవుణ్ణి అడిగాను. ఆవిడకి విశ్వాసం తక్కువని చెప్పడానికి ఎవరికి నోరొస్తుందో నాకు తెలీదు. ఆవిడ విశ్వాసం ముందు నేను చిన్నవాణ్ణి.

ఇంకో ఇంట్లో బాబుకి సికిల్ సెల్. మన కొండ జిల్లాల్లో ఈ జబ్బు చాలా ఇళ్లలో ఉంది, తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. రక్తంలోని ఎర్ర కణాలు కొడవలిలా వంగిపోయి సన్న రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి, అప్పుడు ఎముకల్లోంచి నొప్పి లేస్తుంది. చలి తగిలినా, నీళ్లు తక్కువ తాగినా రావచ్చు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు వైపులా ఆ జన్యువు వస్తే బిడ్డకి జబ్బొస్తుంది. ఆ తల్లిదండ్రులకైతే తమలో అది ఉన్నట్టే తెలీదు. అలాంటి తల్లితో ఎవరో "నువ్వేం పాపం చేశావో ఒప్పుకో" అన్నారట. శిష్యులు కూడా పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఇదే అడిగారు, వీడా, వీడి కన్నవాళ్లా పాపం చేసిందని. యేసు ఇద్దరూ కాదన్నాడు. ప్రభువు కాదన్న మాటని ఆయన పేరు మీద పట్టుకెళ్లి ఒక తల్లి ఒళ్లో పడేస్తామా? అమ్మా, నువ్వు ఇక్కడున్నావని నాకు తెలుసు. ఆ మాట సంఘం తరఫున నేను కొట్టేస్తున్నాను. బాబు మందులు ఒక్క పూట కూడా ఆపకు.

ఆ మందుల మాట అందరికీ. ఈరోజు ప్రార్థన అయ్యాక బీపీ మాత్రలు, ఇన్సులిన్, ఫిట్స్ మందులు, టీబీ కోర్సు, ఏదీ ఎవరూ ఆపకూడదు. నిజంగా బాగుపడితే డాక్టరు పరీక్ష చేసి తగ్గిస్తారు. దేవుడికి దాంట్లో ఇబ్బందేమీ లేదు.

మరి బాగుచెయ్యగల దేవుడు వీళ్లని ఎందుకు బాగుచెయ్యలేదు? తెలీదు. త్రోఫిము ఎందుకు లేవలేదో పౌలు రాయలేదు, తర్వాత ఏమయ్యాడో కూడా బైబిల్లో లేదు. దేవుడు స్వస్థపరుస్తాడని నేను నమ్ముతాను, అందుకే నూనె పట్టుకుని ఇక్కడ నిలబడ్డాను. ఆయన్ని ఇరవైయేళ్లుగా నొప్పితోనే స్తుతిస్తున్నవాళ్లు ఈ గదిలో ఉన్నారు, అది సాక్ష్యం కాకపోతే సాక్ష్యం అంటే ఏంటో నాకు చెప్పండి. ఏడుపొస్తే ఏడవండి, దేవుడి మీద కోపం ఉంటే కీర్తనల్లో వాళ్లు అడిగినట్టే "ఎంతకాలం" అని అడగండి. ఎవరూ మీ నోరు మూయరు.

ఇప్పుడు చేసేది చెబుతాను. ముందుగా మైకు, జబ్బు ఇంకా ఉన్నవాళ్లకి. ఉన్నది ఉన్నట్టు చెప్పండి, చివర్లో "కానీ దేవుడు మంచివాడు" అని తగిలించాలనేమీ లేదు. సవరలో చెప్పినా ఒడియాలో చెప్పినా మనవాళ్లు తెలుగులో చెబుతారు. మాట్లాడటం ఇష్టం లేకపోతే వదిలెయ్యండి.

తర్వాత పెద్దలు మీ బెంచీల దగ్గరికే వస్తారు. పెద్దలూ, మీకో మాట: చెయ్యి వేసే ముందు అడగండి, ఏం ప్రార్థించమంటారని కూడా అడగండి. వాళ్లు "ఈ రాత్రి నిద్ర పట్టాలి" అంటే దానికే ప్రార్థించండి. ఎవరినీ కర్ర వదిలేసి నడవమనొద్దు, ఎవరి తలా నెట్టొద్దు.

గుమ్మం దగ్గర స్త్రీల సమాజం వాళ్లు నోటు పుస్తకం పెట్టారు. డయాలిసిస్ రోజుల్లో తోడు వెళ్లగలిగినవాళ్లు, విశాఖపట్నం ఆస్పత్రికి వెళ్లేవాళ్ల ఇంట్లో పిల్లలకి వండిపెట్టగలిగినవాళ్లు, రక్తం ఇవ్వగలిగినవాళ్లు మీ పేరు, ఫోన్ నంబరు, ఏ రోజు ఖాళీయో రాయండి. త్రోఫిమును మిలేతులో ఎవరో ఒకరు చూసుకునే ఉంటారు, అక్కడ అన్నం పెట్టినవాళ్ల పేర్లు మనకి తెలీవు. మన దగ్గర ఈ వారం గురువారానికి తోడు ఇంకా దొరకలేదు, ముందు ఆ రోజు నింపండి.

పెద్దలూ, నూనె తీసుకురండి. అక్కా, మైకు మీ దగ్గర నుంచే మొదలుపెడదామా?