సగటు పెరిగింది, మన బిల్లులు మాత్రం తగ్గాయి: పాల సంఘం సర్వసభ్య సమావేశంలో కోశాధికారి మాట

పెద్దలకి, అక్కలకి, అన్నలకి నమస్కారం. నోటీసు బోర్డు మీద "సభ్యుల సగటు పాల ఆదాయం 60 వేల నుంచి 66 వేలకి పెరిగింది" అని రాసినప్పటి నుంచీ మా ఇంటికొచ్చి గొడవ పడనివాళ్లు లేరు. పెరిగితే నా బిల్లు ఎందుకు తగ్గింది, ఆ ఆరు వేలు ఎవరు తిన్నారు అని. ఎవరూ తినలేదండీ, లెక్క చెబుతాను, వినండి.

మనం 50 కుటుంబాలం. నిరుడు అందరి బిల్లులూ కలిపితే 30 లక్షలు, ఈ ఏడు 33 లక్షలు. 50తో భాగిస్తే బోర్డు మీద రాసిన అంకెలే వస్తాయి. కానీ నిరుడు చివర్లో మూడు ఇళ్లవాళ్లు లోను తీసుకుని తలా పది గేదెలు కొన్నారు. బోరు ఉంది కాబట్టి ఎండాకాలంలో కూడా పచ్చగడ్డి కోసుకున్నారు. నిరుడు ఆ ముగ్గురికీ కలిపి నాలుగున్నర లక్షలొస్తే ఈసారి 12 లక్షలొచ్చాయి. మిగతా 47 ఇళ్లకి ఇరవై అయిదున్నర లక్షలు కాస్తా 21 లక్షలయ్యాయి. మేత లేక పాలు తగ్గాయి, గాలికుంటు వచ్చి కొందరి గేదెలు పాలివ్వడమే మానేశాయి, కొన్నిటికి వెన్న శాతం కూడా పడిపోయింది. మనకి రేటు కట్టేది వెన్నని బట్టే కదా. అలా 38 ఇళ్లకి బిల్లు తగ్గింది. ఆ ముగ్గురి మీద కోపం పెట్టుకోకండి, వాళ్లూ మనలాగే తెల్లారకుండా లేచేవాళ్లే, పైగా లోను కిస్తీలు వాళ్ల నెత్తి మీదున్నాయి.

అందరినీ బిల్లు ప్రకారం చిన్నదాని నుంచి పెద్దదాని వరకు వరసలో నిలబెడితే మధ్యలో నిలబడేవాళ్లకి నిరుడు 52 వేలు, ఈసారి 43 వేలు. ఊరి సంగతి చెప్పేది ఈ అంకె. అందులోంచి దాణా ఖర్చు నేను తీయలేదు, తీస్తే ఇంకా తగ్గుతుంది, అది మీకు నేను చెప్పక్కర్లేదు. వచ్చే ఏడు నుంచి బోర్డు మీద సగటు పక్కనే ఈ మధ్య అంకె కూడా రాస్తాను.

ఇక మిగులు డబ్బు సంగతి. మన దగ్గర లక్షా ఎనభై వేలు ఉంది. ఎప్పటిలా బిల్లు దామాషాలో బోనస్ పంచితే దాదాపు 65 వేలు ఆ మూడు ఇళ్లకే పోతుంది. రూలు ప్రకారం అది తప్పు కాదు, కానీ సగటు చూసి మురిసిపోయి అలాగే పంచేస్తే ఎండాకాలానికి మళ్లీ గేదెలమ్ముకునేది మనలో చాలామంది. అందుకని సగం బోనస్‌గా పంచి, మిగతా 90 వేలు ఒకటి రెండు గేదెలున్న ఇళ్లకి దాణా సబ్సిడీగా ఇద్దామని నా ప్రతిపాదన. ఆ ముగ్గురిలో ఇద్దరితో మాట్లాడాను, అభ్యంతరం లేదన్నారు. మూడోవాళ్లు ఆలోచిస్తామన్నారు, అది వాళ్ల హక్కు.

ఎవరికైనా అనుమానం ఉంటే రిజిస్టర్ ఇక్కడే ఉంది, పేజీ తిప్పి చూసుకోండి. ఒప్పుకున్నవాళ్లు చేతులెత్తండి, సెక్రటరీ గారు లెక్కపెడతారు.