సెలవులో ఉన్నాను, ఫిబ్రవరి 16 నుంచి 21 వరకు: లోడు, బిల్లు పనులకు సుబ్బరాయుడు అన్నని అడగండి

నమస్తే అండీ,

మీ మెయిల్ అందింది, కానీ నేను ఆఫీసులో లేను. 2026 ఫిబ్రవరి 16 సోమవారం నుంచి 21 శనివారం వరకు సెలవులో ఉన్నాను. 22 ఆదివారం ఎలాగూ ఆఫీసుకి సెలవే, 23 సోమవారం పొద్దున 9:30కి మళ్ళీ కడప ఆఫీసులో ఉంటాను. మీలో కొందరికి ఫోన్‌లో 18 నుంచి అని చెప్పి ఉన్నాను, ఆ తర్వాత అమ్మ మోకాలి ఆపరేషన్ తేదీ ముందుకి జరిగింది, సెలవు కూడా 16 నుంచే మంజూరైంది. కాబట్టి ఈ మెయిల్లో ఉన్న తేదీలే లెక్క.

ఈ వారం రోజులు నా పని చూసేది సుబ్బరాయుడు అన్న. బండల లోడింగ్, ఇన్వాయిస్, ఈ-వే బిల్లు అన్నీ ఆయనకి అప్పజెప్పాను, పెండింగ్ ఆర్డర్ల ఫైలు ఆయన టేబుల్ మీదే ఉంది, మీరు మొదటి నుంచి కథంతా చెప్పాల్సిన పని లేదు. మా బిల్లు పైన అచ్చయిన ల్యాండ్‌లైన్ నంబరుకి పొద్దున 9:30 నుంచి సాయంత్రం 6:30 లోపు చేసి సుబ్బరాయుడు అన్న కావాలని అడగండి. మెయిల్ అయితే బిల్లు కింద ఉండే డిస్పాచ్ అడ్రసుకి పెట్టండి, సబ్జెక్టులో బిల్లు నంబరు, లారీ నంబరు రెండూ వేయండి. ఒక్క మాట గట్టిగా చెప్తున్నా: ఇప్పుడు మీరు నాకు పంపిన మెయిల్ ఆయనకి దానంతటది వెళ్ళదు, పని ఆగకూడదంటే దాన్నే డిస్పాచ్‌కి ఇంకోసారి పంపండి. మీరు మళ్ళీ నాకే రాస్తే ఈ జవాబు రెండోసారి రాకపోవచ్చు కూడా, రాలేదు కదా అని నేను చూశాననుకోవద్దు.

లారీ దారిలో ఉంటే మాత్రం మెయిల్ పెట్టి ఎదురుచూడొద్దు, ఫోనే చేయండి. ఈ-వే బిల్లుకి 200 కిలోమీటర్లకి ఒక రోజు చొప్పునే గడువు, హైదరాబాద్ లోడు ఎక్కడైనా బ్రేక్‌డౌన్ అయిందంటే గడువు ముగిసే 8 గంటల ముందు నుంచి ముగిశాక 8 గంటల లోపే పొడిగించుకోవాలి, అది దాటితే దారిలో తనిఖీ జరిగినప్పుడు డ్రైవరే ఇరుక్కుంటాడు. బండి మారితే పార్ట్-బిలో కొత్త నంబరు వెంటనే ఎక్కించాలి. బిల్లులో జీఎస్‌టీ నంబరో, చదరపు అడుగులో తప్పు పడిందనిపిస్తే అదే రోజు చెప్పండి, ఈ-వే బిల్లు రద్దు చేయాలంటే తీసిన 24 గంటల్లోపే కుదురుతుంది. శనివారం రాత్రి బయల్దేరే లోడ్లకి ఆదివారం ఆఫీసు ఫోన్ ఎత్తేవాళ్ళుండరు, అందుకే ఆ డ్రైవర్లకి సుబ్బరాయుడు అన్న సెల్ నంబరు చీటీ మీద రాసిస్తారు, అడిగి తీసుకోండి.

బండలు పగిలి వచ్చాయంటే దించకముందే, లారీ మీద ఉండగానే, నంబరు ప్లేటు కనపడేట్టు ఒక ఫొటో, పగిలిన వరస దగ్గరగా ఒక ఫొటో తీసి డిస్పాచ్‌కి పంపండి. కింద పేర్చాక తీసిన ఫొటోతో, పగులు దారిలో పడిందో దించేటప్పుడు పడిందో తేల్చలేక మీకూ మాకూ మాట పట్టింపులొస్తాయి. అన్న దాన్ని రిజిస్టర్లో రాసిపెడతారు, క్రెడిట్ నోట్ మాత్రం నేను 23న వచ్చాక వేస్తాను.

డబ్బుల లెక్కలు, లెడ్జర్ కాపీలు హసీనా మేడం చూస్తారు, అదే ల్యాండ్‌లైన్. జనవరి జీఎస్‌టీఆర్-1, 3బి రెండూ ఫైల్ చేసే వెళ్తున్నాను. మీ 2బిలో మా బిల్లు ఏదైనా కనపడకపోతే బిల్లు నంబరు మేడంకి చెప్పండి, మార్చి 11 లోపు వేసే ఫిబ్రవరి రిటర్నులో ఎక్కిస్తాం.

నేను లేని ఈ రోజుల్లో మా బ్యాంకు ఖాతా మారింది, కొత్త ఖాతాకి వేయండి అని ఎవరి పేరుతో మెయిల్ వచ్చినా, నా పేరుతోనే వచ్చినా, దయచేసి ఒక్క రూపాయి కూడా పంపొద్దు. మా ఖాతా మారలేదు. అనుమానం వస్తే ల్యాండ్‌లైన్‌కి చేసి మేడంని అడగండి.

నేను ఆస్పత్రిలో అమ్మ దగ్గర ఉంటాను, ఫోన్ ఎక్కువసేపు ఆఫ్‌లోనే ఉంటుంది, మెయిళ్ళు చూడను. కొత్త రేట్లు, ఏప్రిల్ తర్వాతి ఆర్డర్లు లాంటివి తొందర లేనివైతే ఇక్కడే ఉండనివ్వండి, 23న వచ్చి వరసగా చూసి 24 సాయంత్రానికి అందరికీ జవాబిస్తాను.

లక్ష్మీప్రసన్న
బిల్లింగ్, డిస్పాచ్ విభాగం, కడప