అత్తింట్లో మొదటి నెల

విజయవాడ నుంచి గాజువాక ఇంటికి కోడలిగా వచ్చిన అమ్మాయికి మొదటి వారంలో ఎదురయ్యేవి పెద్ద గొడవలేం కావు. ఎసరెంత, మోటారు ఎప్పుడు వేయాలి, మావయ్యగారి కాఫీలో పంచదార ఉండాలా వద్దా... ఇవే. అడిగితే ఒక్క మాటతో తేలిపోతాయి. మనకి మనమే ఊహించుకుని చేస్తే ముఖాలు మాడ్చుకునేదాకా పోతాయి.

పది రోజులపాటు వంటింట్లో ఏ డబ్బానీ కదపకండి. అత్తయ్యగారు బియ్యం కొలిచే గ్లాసే వాడండి. పుట్టింటి గ్లాసు అంచనాతో వండితే నలుగురి అన్నం ఆరుగురికి వస్తుంది. కొత్త బియ్యానికి గ్లాసుకి రెండు గ్లాసుల నీళ్లు కూడా ఎక్కువే, ముద్దయిపోతుంది. పాత బియ్యానికి రెండున్నర దాకా పడుతుంది. బస్తా మారిన రోజు ఇది అడగడం మరిచిపోవద్దు.

ఈ వైపు ఆవ పెట్టిన కూరలంటే ప్రాణం. అరకిలో అరటికాయకి చెంచాడు ఆవాలు, రెండు ఎండుమిర్చి, చిటికెడు ఉప్పు వేసి, కొద్దిగా నీళ్లతో మెత్తగా నూరాలి. చింతపండు పులుసు పట్టిన కూరని దించి, వేడి తగ్గాక ఆవముద్ద కలపాలి. పొయ్యి మీదే కలిపితే ఆ ఘాటు పోయి చేదు తగులుతుంది. కొత్త కోడళ్లు తరచుగా దొరికిపోయేది ఇక్కడే.

సముద్రపు గాలికి ఉప్పు చెమ్మగిల్లుతుంది, అప్పడాలు మెత్తబడతాయి. ఆవకాయ జాడీలో తడి గరిటె పెడితే బూజు ఖాయం. ముక్కల మీద నూనె తేలుతూ ఉండాలి.

భర్తది షిఫ్టు ఉద్యోగమైతే నెల షెడ్యూలు ఫ్రిజ్ మీద అంటించండి. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన మనిషి పొద్దున పడుకుంటే మిక్సీ ఎప్పుడు వేయాలో అత్తాకోడళ్లిద్దరూ ముందే అనుకోండి. పచ్చడి ముందురోజు సాయంత్రమే రుబ్బేస్తే తగువే లేదు.

ఆషాఢానికి పుట్టింటికి పంపుతారా, శ్రావణంలో మంగళగౌరి నోము పట్టిస్తారా, మార్గశిర గురువారాలు బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికి వెళ్తారా అన్నది నెల ముందే కనుక్కోండి. ఉద్యోగం చేసేవాళ్లకి సెలవులు కుదరాలి కదా.

ఇక నగలు. పెళ్లిలో పుట్టింటివాళ్లూ అత్తింటివాళ్లూ మీకు పెట్టినవి స్త్రీధనం, అవి మీవే. గ్రాముల లెక్కతో జాబితా రాసి, ఫొటోలు తీసి, బిల్లుల నకళ్లు అమ్మ దగ్గర ఉంచండి. లాకరు మీ పేరున ఉండాలి, ఉమ్మడిగా అయినా సరే. 'భద్రంగా ఉంచుతాం' అని ఎవరైనా తీసుకుంటే ఏవి ఇచ్చారో, ఏ రోజు ఇచ్చారో రాసుకోండి. అది అనుమానం కాదు, లెక్క. పెళ్లి రిజిస్ట్రేషన్ పత్రం చేతికొచ్చాక ఆధార్‌లో చిరునామా మార్పించుకోండి. ఇంటిపేరు మార్చుకోవాలని చట్టం లేదు.

అమ్మకి రోజూ ఫోన్ చేయండి. కాకపోతే సాయంత్రం పడ్డ మాట ఆ రాత్రే చెప్పకండి, తెల్లారేసరికి మీకే అది చిన్నదనిపించవచ్చు. చెయ్యి చేసుకోవడం, కట్నం అడగడం, ఫోన్ లాక్కోవడం మాత్రం ఆ లెక్కలోకి రావు. వాటికి తెల్లారేదాకా ఆగక్కర్లేదు, మహిళా హెల్ప్‌లైన్ 181కి చేయండి.