గోదావరి ఎంతుందని అడిగే మనిషి కోసం

వయసు 58. ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు. ఉండేది రాజమండ్రిలో, ఉద్యోగం ధవళేశ్వరంలో. జలవనరుల శాఖలో డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్ని, ఇంకా నాలుగేళ్ల సర్వీసు ఉంది. కాకినాడలో పాలిటెక్నిక్ చదివి ఉద్యోగంలో చేరాను, కాలవగట్లు, లాకులు పట్టుకు తిరుగుతూ ఇక్కడిదాకా వచ్చాను. మా ఆవిడ 2021 కార్తీకమాసంలో చనిపోయింది. పేరు, ఫొటో ఇక్కడ పెట్టలేదు. ఈ జిల్లాలో కాంట్రాక్టర్లు, నీటి సంఘాల రైతులు చాలామందికి నేను తెలుసు, వాళ్ల నోళ్లలో పడటం ఇష్టం లేక. మాట కలిసిన రోజు రెండూ నేనే పంపిస్తాను.

మళ్లీ ఒక తోడు కోసం ఇది రాయమని నెలరోజులుగా పోరుతున్నది మా అమ్మాయి. మొదట తనే రాసి పంపింది. అందులో నేను సరదా మనిషిని, ప్రయాణాలంటే ప్రాణం పెడతాను, వంట అద్భుతంగా చేస్తాను. చదివి, ఎవరమ్మా ఈయన, బాగున్నాడే అన్నాను. నవ్వి, అయితే మీరే రాసుకోండి నాన్నా అంది.

మా పెళ్లి 1993లో అయింది. ఇరవై ఎనిమిదేళ్ల కాపురం. ఆవిడ చివరి రెండేళ్లూ క్యాన్సర్‌తో బాధపడింది. విశాఖపట్నం తిరిగాం, చేయగలిగిందంతా చేశాం. ఆ కథ ఇక్కడ వద్దు. ఆవిడ గురించి ఒక్క సంగతి మాత్రం చెప్పాలి, ఎందుకంటే నేను ఎందుకు తోడు వెతుక్కుంటున్నానో అందులోనే ఉంది.

వరద రోజుల్లో సాయంత్రం ఫోన్ చేసేది. తిన్నారా, ఎప్పుడొస్తారు అని కాదు. "ఎంతుంది?" అని, గోదావరి మట్టం. నేను "పది అడుగుల మీద పావు" అనో, "పదకొండు ముప్పావు, మొదటి హెచ్చరిక ఇచ్చేశారు" అనో చెప్పి పెట్టేసేవాణ్ణి. అది విని ఆవిడ వంటింటి తలుపు పక్కనున్న క్యాలెండర్‌లో ఆ తేదీ గడిలో రాసుకునేది. అదే గడిలో పాల లెక్క కూడా ఉండేది. 2020 ఆగస్టు కాగితం నా దగ్గర ఇంకా ఉంది. 17వ తేదీ గడిలో మూడో హెచ్చరిక అని, కింద "పాలు అర" అని, ఆ కింద చిన్న అక్షరాలతో "రాలేదు" అని ఉంది. తర్వాతి గడిలోనూ "రాలేదు". అప్పటికే ఆవిడకి వైద్యం మొదలైంది. ఆ మాట నాకు ఫోన్‌లో ఒక్కసారీ అనలేదు.

2022 జూలైలో గోదావరి మళ్లీ లేచింది. ధవళేశ్వరం బ్యారేజీ 175 గేట్లూ ఎత్తేశాం, 25 లక్షల క్యూసెక్కులు దాటి సముద్రంలోకి పోయింది. నాలుగు రోజులు అక్కడే ఉన్నాను. అందరి ఫోన్లూ మోగుతూనే ఉన్నాయి. నాదీ మోగింది, కానీ అన్నీ ఆఫీసువే. అయిదో రోజు ఇంటికొచ్చి తాళం తీస్తే, వెళ్లేటప్పుడు మర్చిపోయిన పెరుగు గిన్నె బూజు పట్టి గట్టు మీద ఉంది. అది కడుగుతూ నిలబడ్డప్పుడు తెలిసింది, ఈ నాలుగు రోజుల్లో నన్ను ఎంతుంది అని అడిగినవాళ్లు లేరని. అధికారులు అడిగారు, విలేకర్లు అడిగారు. వాళ్లు అడగడం వేరు.

నాకు వంటమనిషి అక్కర్లేదు. పని చేసే అమ్మాయి ఉంది, వంట నాకూ వచ్చు. పప్పు, చారు, రెండు మూడు వేపుళ్లు ధైర్యంగా చేస్తాను. పనసపొట్టు కూర మూడుసార్లు ప్రయత్నించాను, మూడుసార్లూ ఆవ ఎక్కువై ముక్కు పట్టుకున్నాను. నర్సూ అక్కర్లేదు. బీపీకి రోజూ ఒక మాత్ర, సుగర్ అంచున ఉందని డాక్టర్ రెండేళ్లుగా చెప్తున్నారు, ఇంకా అంచునే ఉంది. కిందటేడు మోకాలికి ఫిజియోథెరపీ చేయించుకున్నాను, ఇప్పుడు బాగుంది. రిపోర్టులు అడిగితే సంకోచం లేకుండా చూపిస్తాను. మీవి అడిగినా తప్పుగా అనుకోకండి, ఈ వయసులో జాతకాల కన్నా అవి ముఖ్యం.

ఇక నాతో ఉండే కష్టాలు. తెల్లవారుజామున నాలుగున్నరకి లేస్తాను, లేచి రేడియో పెడతాను. గురక ఉంది. ఫోన్‌లో ఎక్కువ మాట్లాడలేను, ఎదురుగా కూర్చుంటే బానే మాట్లాడతాను. కోపం వస్తే అరవను, మాట మానేస్తాను. అది ఇంకా పెద్ద తప్పని మా ఆవిడ అనేది, నిజమే. మేలో కాలవలు కట్టేసి ఉంటాయి, మరమ్మతుల పని. జూన్‌లో నీళ్లు వదులుతాం. జూలై నుంచి సెప్టెంబరు దాకా వరద డ్యూటీ. ఎక్కడికైనా వెళ్దామంటే డిసెంబరు, జనవరి. 2027లో పుష్కరాలు వస్తున్నాయి, ఆ ఏడు నా మీద ఆశలు పెట్టుకోవద్దు.

పిల్లలు ఇద్దరు. అమ్మాయి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్, పెళ్లయింది, నాలుగేళ్ల మనవడు. అబ్బాయి బెంగళూరులో ఉంటాడు, వచ్చే ఏడాది పెళ్లి చేయాలనుకుంటున్నాం. నా పెళ్లి విషయం చెప్పినప్పుడు అమ్మాయి వెంటనే సరేనంది. అబ్బాయి రెండు నెలలు నాతో సరిగ్గా మాట్లాడలేదు. దాచి లాభం లేదు కాబట్టి రాస్తున్నాను. సంక్రాంతికి వచ్చినప్పుడు కోటగుమ్మం దగ్గర రోజ్‌మిల్క్ తాగుతూ వాడే ఎత్తాడు మాట. "అమ్మ ఫొటో తీసేస్తారా?" అన్నాడు. తీయను అన్నాను. అదే వాడి భయం. హాల్లో ఆ ఫొటో ఉంటుంది, మీరూ ముందే తెలుసుకోవాలి. మీరు వచ్చి మీవారి ఫొటో పెట్టుకుంటే గోడకి ఇంకో మేకు కొట్టడానికి నాకేం అభ్యంతరం లేదు.

మా అత్తగారు కొవ్వూరులో ఉన్నారు, ఎనభై దాటాయి. ఆదివారాలు వంతెన దాటి వెళ్లి చూసి వస్తాను. మందులు, పచారీ సామాన్లు, కాసేపు కబుర్లు. అది మానను. నేను మళ్లీ పెళ్లి మాట చెప్పడానికి అందరికన్నా భయపడింది ఆవిడ దగ్గరే. విని కాసేపు ఊరుకుని, "మంచిపని నాయనా, ఆ పిల్లని కూడా తీసుకురా" అన్నారు. ఏ పిల్లనో ఇంకా నాకే తెలియదు.

డబ్బు సంగతి మొదటే చెప్పేసుకుంటే మంచిది. 2004కి ముందు చేరినవాణ్ణి, పాత పింఛనే వస్తుంది. అప్పులు లేవు. ఉంటున్న ఇల్లు మేమిద్దరం కట్టుకున్నది, అది పిల్లలిద్దరికీ చెందాలని నా నిర్ణయం. ధవళేశ్వరం వైపు 150 గజాల స్థలం నా పేరున ఉంది, నాతో నడిచే ఆవిడ పేరున అది రాస్తాను. నా తర్వాత ఆవిడ ఎవరి చేతికిందా ఉండకూడదు. మీ ఆస్తి మీదే, మీ పిల్లలదే, దాని గురించి నేను అడగను.

ఒక జాగ్రత్త కూడా. మీకు భర్త తరఫున ఫ్యామిలీ పింఛను వస్తుంటే, మళ్లీ పెళ్లి చేసుకుంటే అది ఆగిపోవచ్చు. ఆఫీసులో కనుక్కుని, లెక్క వేసుకుని, అప్పుడే ముందుకు అడుగేయండి. తొందర లేదు. నా వైపు నుంచి చెప్పాలంటే పెళ్లి రిజిస్టర్ చేయించుకుందామనే నా ఉద్దేశం, రికార్డుల్లో మీ పేరు ఎక్కాలి కదా. మేళతాళాలు, శుభలేఖలు వద్దు. స్పెషల్ మ్యారేజ్ చట్టం కింద నోటీసు ఇచ్చి 30 రోజులు ఆగి సంతకాలు పెడితే చాలు. కాంక్రీటుకి క్యూరింగ్ 28 రోజులు, దీనికి ఇంకో రెండు ఎక్కువ, అంతే.

మీ వయసు 50 నుంచి 60 లోపు అయితే బావుంటుంది. భర్త పోయినవారైనా, విడిపోయినవారైనా, అసలు పెళ్లే చేసుకోనివారైనా సరే. కులం నాకు పట్టింపు లేదు, మా పిల్లలకీ లేదు. ఒక మేనమామకి ఉంది, ఆయన ఏడాదికోసారి వస్తారు. ఉద్యోగం చేస్తుంటే మానక్కర్లేదు. మీ అమ్మగారో నాన్నగారో మీ మీద ఆధారపడి ఉంటే, కింది గది ఖాళీగానే ఉంది, మెట్లెక్కే పని లేదు. పండక్కి మా ఇంట్లో పేరంటం జరిగితే మీకు బొట్టు పెట్టడానికి వెనకాడేవాళ్లెవరూ లేరు. అలా వెనకాడేవాళ్ల ఇంటికి మనం వెళ్లం.

నేను గుడికి వెళ్తాను, కానీ గంటలు గంటలు కూర్చోను. శనివారం తప్ప చేప తింటాను, మీరు తినకపోతే బయట తినివస్తాను. మందు, సిగరెట్ లేవు. సాయంత్రాలు పుష్కరఘాట్ దాకా నడుస్తాను. కార్తీకమాసంలో అక్కడ దీపాలు వదులుతారు, నేనూ ఒకటి వదులుతాను. ఆ ఒక్క సాయంత్రం ఒంటరిగా వెళ్తానంటే ఏమీ అనుకోకండి. మిగతా రోజులన్నీ కలిసి నడుద్దాం.

మొదట మెసేజ్ పెట్టండి. తర్వాత ఒకసారి ఫోన్, అటుపైన పగటిపూట ఎక్కడైనా నలుగురు తిరిగే చోట కలుద్దాం. మీ వెంట మీ అబ్బాయినో, చెల్లెల్నో తెచ్చుకోండి. మా అమ్మాయి కూడా వస్తానంటోంది, నేనేం అబద్ధాలు చెప్తానో వినాలట. నచ్చకపోతే కాఫీ తాగి నమస్కారం పెట్టి వెళ్లిపోవచ్చు, కారణం చెప్పక్కర్లేదు.

జూలై, ఆగస్టుల్లో అయితే జవాబు ఆలస్యం కావచ్చు. నాలుగు రోజులైనా పలకకపోతే టీవీలో ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం ఎంత అని చూడండి. 11.75 అడుగులు దాటి ఉంటే నేను బ్యారేజీ మీద ఉన్నట్టే. అప్పుడు ఫోన్ చేసినా పర్లేదు, ఎత్తుతాను.