వ్యాసం మారే పైపులో నీటి పీడనం: బెర్నౌలీ సమీకరణంతో లెక్క

ద్రవ యాంత్రిక శాస్త్రం, అసైన్‌మెంట్ 2
మెకానికల్ డిప్లొమా, మూడో సెమిస్టరు, విశాఖపట్నం
రోల్ నంబరు 27

ప్రశ్న: విశాఖపట్నంలో కొండవాలు మీద ఉన్న ఒక కాలనీకి దిగువన ఉన్న పంపుహౌసు నుంచి నీళ్లు ఎక్కుతున్నాయి. పంపు దాటాక ఉక్కు పైపు లోపలి వ్యాసం 300 మి.మీ. రిడ్యూసర్ తర్వాత అది 150 మి.మీ. మొదటి గేజి ఉన్న చోటు (ఛేదం 1) కంటే రెండో చోటు (ఛేదం 2) 3 మీటర్లు ఎత్తులో ఉంది. ప్రవాహం సెకనుకు 60 లీటర్లు. ఛేదం 1 దగ్గర గేజి పీడనం 150 kPa. ఛేదం 2 దగ్గర పీడనం ఎంత? మీ ఊహనలను స్పష్టంగా రాసి, అవి ఎంతవరకు నిలుస్తాయో చెప్పండి.

ఊహనలు

నీటి సాంద్రత మారదని తీసుకున్నాను. దీని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. నీటి ఘన స్థితిస్థాపక గుణకం సుమారు 2.2 GPa. ఈ లెక్కలో పీడనం మారేది దాదాపు 35 kPa. అంటే సాంద్రతలో తేడా 0.0016 శాతం మాత్రమే. నీళ్లు 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉన్నాయనుకొని ρ = 996 kg/m³ వాడాను.

ప్రవాహం కాలంతో మారదని, పైపు నిండా నీళ్లే ఉన్నాయని రెండో ఊహన. పంపు వేసిన మొదటి నిమిషాల్లో ఇది నిజం కాదు. ఉదయం నీళ్లు వదలగానే మా ఇంటి కుళాయి ముందు గాలి ఊదుతుంది, తర్వాత తుప్పరలు చిమ్ముతుంది, ఆ పైన గాని ధార కట్టదు. ఆ తుప్పరల వేళ ఈ సమీకరణం పనికిరాదు. కింది లెక్క అంతా ధార నిలకడగా పడుతున్న వేళకే వర్తిస్తుంది.

రెండు ఛేదాల మధ్య పంపు గాని, టర్బైను గాని లేదు. పంపు ఛేదం 1 కంటే ముందే ఉంది. ఇది రాయకపోతే లెక్కే తప్పు, ఎందుకంటే పంపు ఇచ్చే శక్తికి బెర్నౌలీ సమీకరణంలో పదం లేదు.

ఒక్కో ఛేదంలో వేగం అంతటా ఒకటేనని, స్నిగ్ధత వల్ల ఘర్షణ నష్టం లేదని చివరి రెండు ఊహనలు. నాకు అనుమానం ఉన్నది వీటి మీదే. అందుకే ముందు వీటిని నమ్మి లెక్క చేసి, తర్వాత పరీక్షించాను. ఎత్తులను పైపు మధ్య గీత నుంచి కొలిచాను.

లెక్క

నీళ్లు మధ్యలో ఎక్కడా పోవు కాబట్టి రెండు ఛేదాల్లోనూ Q = A·V ఒకటే.

```
A1 = π(0.30)²/4 = 0.07069 m²   V1 = 0.06/0.07069 = 0.849 m/s
A2 = π(0.15)²/4 = 0.01767 m²   V2 = 0.06/0.01767 = 3.395 m/s
```

వ్యాసం సగమైతే వేగం నాలుగు రెట్లు, V² పదహారు రెట్లు అయింది. ఇక బెర్నౌలీ సమీకరణం:

```
p1 + ρV1²/2 + ρg z1 = p2 + ρV2²/2 + ρg z2

p2 = p1 − ρ(V2² − V1²)/2 − ρg(z2 − z1)
   = 150 − 5.38 − 29.31
   = 115.3 kPa (గేజి)
```

ప్రశ్న చదవగానే పైపు సన్నబడటమే పీడనం తగ్గడానికి ముఖ్య కారణమనుకున్నాను. లెక్క చూస్తే వ్యాసం వల్ల తగ్గింది 5.38 kPa, మూడు మీటర్ల ఎత్తు వల్ల తగ్గింది 29.31 kPa. కొండ మీది ఊరికి నీళ్లు ఎక్కించడంలో అసలు భారం ఎత్తుదే.

ఊహనలు ఎంతవరకు నిలిచాయి

30 డిగ్రీల దగ్గర నీటి శుద్ధగతిక స్నిగ్ధత సుమారు 0.80 × 10⁻⁶ m²/s. దాంతో రేనాల్డ్స్ సంఖ్య ఛేదం 1 దగ్గర 3.2 లక్షలు, ఛేదం 2 దగ్గర 6.4 లక్షలు వస్తుంది. ప్రవాహం పూర్తిగా సంక్షుబ్ధం. ఇలాంటి ప్రవాహంలో వేగం పైపు మధ్యలో దాదాపు ఒకే తీరుగా ఉండి గోడ పక్కన మాత్రమే బాగా పడిపోతుంది, కాబట్టి గతిశక్తి సవరణ గుణకం 1కి దగ్గరగానే ఉంటుంది. దాన్ని 1.06గా తీసుకుంటే p2 మరో 0.3 kPa తగ్గుతుంది. సమవేగం అన్న ఊహనను ఉంచుకోవచ్చు.

ఘర్షణ సంగతి వేరు. ప్రశ్నలో పైపు పొడవులు ఇవ్వలేదు. పెద్ద పైపు 2 మీటర్లు, చిన్న పైపు 4 మీటర్లు అనుకున్నాను. కొత్త ఉక్కు పైపు గరుకుదనం 0.045 మి.మీ. అనుకుంటే డార్సీ ఘర్షణ గుణకం రెండింటికీ 0.016 దగ్గర వస్తుంది.

```
చిన్న పైపు:    0.016 × (4/0.15) × 5.74 = 2.45 kPa
పెద్ద పైపు:    0.016 × (2/0.30) × 0.36 = 0.04 kPa
రిడ్యూసర్:     0.05 × 5.74            = 0.29 kPa
మొత్తం నష్టం                          = 2.78 kPa
```

ఇక్కడ 5.74, 0.36 అన్నవి ఆయా పైపుల ρV²/2 విలువలు. రిడ్యూసర్ నిదానంగా సన్నబడే రకమని 0.05 తీసుకున్నాను. ఈ నష్టాన్ని, పైన చెప్పిన 0.3ను తీసేస్తే p2 సుమారు 112.2 kPa. నా మొదటి జవాబు దీనికంటే మూడు శాతం లోపే ఎక్కువ. గేజి చదవడంలోనే అంత పొరపాటు రావచ్చు కాబట్టి ఘర్షణ లేదన్న ఊహన చెల్లుతుందని రాసి ఊరుకోవచ్చు.

కాని అలా రాయలేను. ఈ అసైన్‌మెంట్ అడిగింది వ్యాసం మారడం వల్ల ఏం జరుగుతుందని. ఆ ప్రభావం 5.38 kPa అయితే, నేను వదిలేసిన నష్టం 2.78 kPa, అంటే దానిలో సగం కంటే ఎక్కువ. మొత్తం పీడనం కావలసినవాడికి ఈ ఊహన మంచిదే. రెండు గేజిల తేడా నుంచి ప్రవాహాన్ని వెనక్కి లెక్కగట్టాలనుకునేవాడికి మాత్రం ఇది పనికిరాదు. వెంచురీ మీటరులో రెండు కొలత రంధ్రాలను దగ్గరదగ్గరగా పెట్టడం, పైగా విసర్జన గుణకం వాడటం ఎందుకో నాకు ఈ అంకెలు చూశాకే అర్థమైంది.

పైపు ఇంకా సన్నబడితే

ప్రశ్నలో లేకపోయినా ఇది చేసి చూశాను. ప్రవాహం, ఎత్తు, p1 అలాగే ఉంచి చిన్న వ్యాసాన్ని మాత్రమే తగ్గించాను. నష్టాలు కలపలేదు.

```
150 mm : V2 =  3.40 m/s   p2 =  115.3 kPa
 75 mm : V2 = 13.58 m/s   p2 =   29.2 kPa
 60 mm : V2 = 21.22 m/s   p2 = −103.2 kPa
```

మూడో వరుస దగ్గర ఆగాల్సి వచ్చింది. విశాఖ సముద్ర తీరం కాబట్టి వాతావరణ పీడనాన్ని 101.3 kPa అనుకుంటే, ఈ జవాబు పరమ పీడనంలో −1.9 kPa. పైపులో అలాంటి స్థితి ఉండదు. సమీకరణం మాత్రం మారు మాట్లాడకుండా ఆ అంకెను ఇచ్చేసింది. 30 డిగ్రీల దగ్గర నీటి బాష్ప పీడనం 4.25 kPa. పరమ పీడనం అంతకు దిగితే నీళ్లు అక్కడే ఆవిరి బుడగలు కడతాయి. దీన్నే కేవిటేషన్ అంటారు. బుడగలు పుట్టగానే సాంద్రత స్థిరమన్న మొదటి ఊహన, ఎక్కువ చెప్పనక్కర్లేదని నేను ఒక్క మాటలో తేల్చేసిన ఊహనే, కూలిపోతుంది.

ఆ హద్దు ఎక్కడుందో చూస్తే:

```
−97.05 = 150 − 29.31 − 0.498(V2² − 0.72)
V2 = 20.93 m/s,  D2 = 60.4 mm
```

ఘర్షణ నష్టాలు కలిపితే పీడనం ఇంకా త్వరగా పడుతుంది కాబట్టి ఈ హద్దు 60.4 మి.మీ. కంటే పెద్ద వ్యాసం దగ్గరే వస్తుంది.

జవాబు: ఊహనలన్నీ నమ్మితే p2 = 115.3 kPa, నేను అనుకున్న పొడవులకు నష్టాలు కలిపితే సుమారు 112 kPa (రెండూ గేజి పీడనాలే).