బకాయి ఉత్తరం: నీ చిత్తుప్రతి, నేను తిరగరాసింది

తమ్ముడూ,

రాత్రి పదకొండున్నరకు నువ్వు పంపిన ఉత్తరం చదివాను. వాళ్లకు పంపేలోగా నాకు చూపించాలని తోచినందుకు సంతోషం. ముందు నీది ఉన్నదున్నట్టు ఇక్కడ పెడుతున్నాను. తర్వాత నేను రాసింది ఉంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదువు.

నీ చిత్తుప్రతి:

"అయ్యా, మీకు సిగ్గు అనేది ఉందా? మార్చిలో పని పూర్తి చేసి ఇచ్చాను. ఇప్పుడు జూన్. ఫోను చేసినప్పుడల్లా 'వచ్చే వారం' అంటారు. ఆ వచ్చే వారం మీ క్యాలెండర్‌లో ఏ పేజీలో ఉందో చెప్పండి. రెండుసార్లు సవరణలని ఒప్పుకుని ఏడుసార్లు చేయించుకున్నారు. అర్ధరాత్రి ఫోను చేసి గ్రాఫుల రంగులు మార్పించారు. అప్పుడు నేను మీకు 'మన మనిషి'ని. డబ్బు దగ్గరికి వచ్చేసరికి ముఖం చాటేస్తారు. మీ అకౌంట్స్ వాళ్లు కావాలనే నా ఫైలు తొక్కిపెట్టారని నాకు తెలుసు. మీ జీతం రెండు నెలలు ఆగితే ఇలాగే ఊరుకుంటారా? పైగా ఇంగ్లీషు ప్రతికి అసలు ఫైళ్లు ఇవ్వమని మొన్న అడుగుతారా, ఎంత ధైర్యం! మూడు రోజుల్లో వడ్డీతో సహా నా డబ్బు రాకపోతే కోర్టుకు లాగుతాను. మీ సంస్థ బండారం నలుగురిలో బయటపెడతాను. మీలాంటి వాళ్లతో ఈ జన్మలో పని చేయను."

నీ కోపంలో అన్యాయం లేదు. క్యాలెండర్ మాట దగ్గర నవ్వు ఆపుకోలేకపోయాను కూడా. కానీ పన్నెండేళ్లుగా బిల్లులు పాస్ చేసే బల్ల వెనక కూర్చున్నదాన్ని. ఇంత రాసి బిల్లు నంబరు వేయలేదు, ఎంత రావాలో చెప్పలేదు, గడువు ఏ రోజుతో దాటిందో లేదు. ఇలాంటి ఉత్తరం మా బల్ల మీదికి వస్తే పైన "తగిన సమాధానం ఇవ్వండి" అని రాసి పక్క విభాగానికి తోసేస్తాం. చెల్లింపు ఫైలులోకి అది చేరదు. దాన్ని ముందుగా చదివేది మామూలుగా ఓ గుమాస్తా. అతనికి నీ డబ్బు ఆపే అధికారమూ ఉండదు, ఇచ్చే అధికారమూ ఉండదు. తిట్లు మాత్రం అతనే తినాలి.

వడ్డీ తీసేశాను, ఎందుకంటే మీ ఒప్పందంలో ఆ మాట లేదు. ఏడుసార్ల సవరణలూ తీసేశాను. ఆ గొడవ న్యాయమైనదే, అయితే వాటికి నువ్వు బిల్లు వేయలేదు. ఇందులో కలిపితే "ముందు సవరణల సంగతి తేలనివ్వండి" అని మొత్తం ఆపేయడానికి సాకు నువ్వే చేతికిచ్చినట్టు. తొక్కిపెట్టారన్నదానికి నీ దగ్గర రుజువు లేదు. ఇక నీ అసలు బలం ఒప్పందంలోని 7వ నిబంధన. దాని ఊసే ఎత్తకుండా "ఎంత ధైర్యం" అని వదిలేశావు! దాన్ని బయటికి తీశాను.

ఇదీ ఉత్తరం:

తేదీ: 2025 జూన్ 9

ఆర్థిక విభాగాధికారి గారికి,
ప్రతి: ప్రచురణల విభాగాధికారి గారికి

విషయం: 2025 మార్చి 18 నాటి 47వ నంబరు బిల్లు. రావలసిన బకాయి 72,000 రూపాయలు.

నమస్కారం.

మీ సంస్థ వార్షిక నివేదిక (148 పేజీలు) పేజీల రూపకల్పనకు సంబంధించిన పై బిల్లులో 72,000 రూపాయలు నాకు ఇంకా అందలేదు. చెల్లింపు గడువు ఏప్రిల్ 17తో ముగిసింది. నేటికి 53 రోజులు దాటింది. ఈ మొత్తాన్ని జూన్ 20, శుక్రవారం లోగా నా బ్యాంకు ఖాతాలో జమ చేయవలసిందిగా కోరుతున్నాను.

జనవరి 6న కుదిరిన ఒప్పందం ప్రకారం ఈ పనికి మొత్తం రుసుము 1,20,000 రూపాయలు. అందులో 48,000 రూపాయలు ముందుగా చెల్లించారు. తుది ఫైళ్లను మార్చి 14న అందజేశాను. వాటిని ఆమోదిస్తున్నట్టు ప్రచురణల విభాగం మార్చి 17న ఈమెయిల్ పంపింది. ఆ మర్నాడే బిల్లు సమర్పించాను. బిల్లు అందిన 30 రోజుల్లో చెల్లించాలన్నది ఒప్పందంలోని 4వ నిబంధన. పనిలో గానీ బిల్లులో గానీ లోపం ఉన్నట్టు ఇంతవరకు నాకు ఎవరూ తెలియజేయలేదు.

ఈ విషయమై ఏప్రిల్ 22న ఈమెయిల్ రాశాను. మే 6న ఫోనులో మాట్లాడినప్పుడు వచ్చే వారం చెల్లిస్తామని మీ కార్యాలయం తెలిపింది. మే 19న పంపిన ఈమెయిల్‌కు జవాబు రాలేదు. ఫైలు సంతకం కోసం వేచి ఉందని జూన్ 2న తెలిసింది. ఆ సంతకం ఏ అధికారి వద్ద ఆగి ఉందో తెలియజేస్తే, అవసరమైన పత్రాలు ఏవైనా ఉంటే అదే రోజు అందజేస్తాను.

ఇంగ్లీషు ప్రతి కోసం అసలు డిజైన్ ఫైళ్లు పంపమని ప్రచురణల విభాగం జూన్ 7న కోరింది. పూర్తి రుసుము అందిన తర్వాతే అసలు ఫైళ్లు, వాటిపై హక్కులు సంస్థకు బదిలీ అవుతాయని ఒప్పందంలోని 7వ నిబంధన చెబుతోంది. బకాయి జమ అయిన మరుసటి పని దినాన వాటిని పంపిస్తాను. అప్పటివరకు పంపడం వీలుపడదు.

జూన్ 20 లోగా చెల్లింపు గానీ, చెల్లించే తేదీతో కూడిన రాతపూర్వక జవాబు గానీ అందకపోతే, న్యాయవాది ద్వారా నోటీసు పంపవలసి వస్తుంది. అంతవరకు వెళ్లకుండానే ఇది పరిష్కారమవుతుందని ఆశిస్తున్నాను.

ఒప్పందం, బిల్లు, మార్చి 17 నాటి ఆమోదపు ఈమెయిల్ ప్రతులు జతపరిచాను. నా బ్యాంకు ఖాతా వివరాలు బిల్లు రెండో పేజీలో ఉన్నాయి.

ఇట్లు,
భవదీయుడు,
వార్షిక నివేదిక పేజీ రూపకర్త

ఇదే. నీ మూడు రోజుల గడువును పదకొండు రోజులు చేశానని కోప్పడకు. మూడు రోజుల్లో ఏ కార్యాలయంలోనూ సంతకం పడదు. గడువు దాటాక నువ్వు ఏమీ చేయకుండా ఊరుకుంటే, తర్వాత పెట్టే గడువును ఎవరూ లెక్కచేయరు. అందుకే నోటీసు మాట ఊరికే రాయలేదు. 21న పంపగలవా లేదా అన్నది ముందే తేల్చుకో. పంపలేనంటే ఆ పేరా కొట్టేయి.

ప్రచురణల విభాగానికి ప్రతి పంపడం కావాలనే పెట్టాను. ఇంగ్లీషు ప్రతి తొందర వాళ్లది. ఇక ఆర్థిక విభాగం వెంట పడే పని వాళ్లే చూసుకుంటారు.

నీ ఫోనులో మే 6 నాటి కాల్ సమయం ఇంకా ఉంటే ఫొటో తీసి దాచుకో. సంతకం పెట్టి, పీడీఎఫ్ చేసి, రేపు ఉదయం పది దాటాక పంపు. అర్ధరాత్రి మాత్రం పంపకు.

అక్క